ఫోన్లో తెరుచుకుంటుంది... కంప్యూటర్లో మొండికేస్తుంది!

అదే యూజర్‌నేమ్‌. అదే పాస్‌వర్డు. ఫోన్లో యాప్‌ మీద వేలు పెడితే చాలు, లోపలికి రానిస్తుంది. కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి అవే వివరాలు కొడితే మాత్రం గిర్రున తిరిగి మళ్లీ లాగిన్‌ పేజీ దగ్గరే నిలబెడుతుంది. ఒకసారి కాదు, పదిసార్లు కొట్టినా అంతే. ఏమిటీ చిత్రం? లోపం ఎక్కడుంది? ఎలా పట్టుకోవాలి?

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని పాస్‌వర్డు మార్చేయడం. రెండోది, ఫోన్లో ఉన్న యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోవడం. రెండూ తొందరపాటే. పాస్‌వర్డు మారిస్తే చాలా సైట్లు భద్రత కోసం మిగతా పరికరాలన్నిటినీ ఒకేసారి బయటకు పంపేస్తాయి. యాప్‌ను తీసేస్తే అందులో ఉన్న ప్రవేశం కూడా దాంతోపాటే పోతుంది. అప్పటిదాకా రెండు తలుపుల్లో ఒకటి తెరిచే ఉంది. ఇప్పుడు రెండూ మూసుకున్నట్టే! అందుకే మొదటి సూత్రం: ఫోన్లో యాప్‌ పనిచేస్తోందా, దాని జోలికి పోకండి. అందులోంచి లాగౌట్‌ కాకండి. కంప్యూటరు సంగతి తేలేదాకా మీకున్న ఆధారం అదే.

నిజానికి యాప్‌ పనిచేయడం మనకు దొరికిన గట్టి సాక్ష్యం. ఖాతా బతికే ఉంది, ఆ సంస్థ సర్వర్లు పూర్తిగా పడిపోలేదు అని అది చెబుతోంది. అంటే అనుమానించాల్సిన జాబితా సగానికి సగం తగ్గిపోయినట్టే. మిగిలింది బ్రౌజరు, అది మోస్తున్న మూటాముల్లె.

చెప్పుల స్టాండు టోకెను

గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఉండే మనిషికి మన మొహం గుర్తుండదు. చెప్పులు ఇచ్చినప్పుడు ఒక టోకెను చేతిలో పెడతాడు. దర్శనం అయ్యాక ఆ టోకెను చూపిస్తేనే చెప్పులు ఇస్తాడు. వెబ్‌సైట్లదీ ఇదే తంతు. ఒక పేజీ పంపించాక సర్వరు మనల్ని మరిచిపోతుంది. ఇంకో పేజీ అడిగితే మళ్లీ కొత్తవాళ్లమే. ఈ మతిమరుపుకు మందు కనిపెట్టింది నెట్‌స్కేప్‌ కంపెనీలో పనిచేసిన లూ మోంటుల్లీ. 1994లో ఆయన పెట్టిన పేరే కుకీ. సరిగ్గా పాస్‌వర్డు కొట్టగానే సర్వరు ఒక పొడవాటి నంబరును బ్రౌజరుకు ఇస్తుంది. ఆ తర్వాత అడిగే ప్రతి పేజీకీ బ్రౌజరు ఆ నంబరును జతచేసి పంపుతుంది. ‘ఓహో, ఇందాక వచ్చిన మనిషే’ అని సర్వరు గుర్తుపడుతుంది.

సర్వరు ఇచ్చే ఆ టోకెను చూడటానికి ఇలా ఉంటుంది.

```
Set-Cookie: session=a81f03c9; Path=/; Secure; HttpOnly
```

చూశారుగా, అందులో మీ పాస్‌వర్డు లేదు. కేవలం ఒక నంబరు. లాగిన్‌ అంటే నిజానికి రెండు పనులన్నమాట. పాస్‌వర్డు సరిపోల్చడం ఒకటి, టోకెను చేతికి అందడం రెండోది. మొదటిది సవ్యంగా జరిగి రెండోది చెడిపోతే ఏమవుతుంది? లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే సర్వరు టోకెను అడుగుతుంది. బ్రౌజరు దగ్గర అది ఉండదు. ‘ఎవరు బాబూ నువ్వు?’ అంటూ మళ్లీ లాగిన్‌ పేజీకి పంపేస్తుంది. తప్పు పాస్‌వర్డు అని మాత్రం అనదు, ఎందుకంటే పాస్‌వర్డు తప్పు కాదు కాబట్టి.

మరి యాప్‌కు ఈ తంటా ఎందుకు లేదు? యాప్‌కు కూడా టోకెను ఉంటుంది. కాకపోతే అది దాన్ని ఫోన్లో తనకంటూ కేటాయించిన చోట విడిగా దాచుకుంటుంది. వేరే యాప్‌లు అందులో చెయ్యి పెట్టలేవు. పైగా ఒకసారి లాగినైతే నెలల తరబడి అదే టోకెనును పొడిగించుకుంటూ పోతుంది. బ్రౌజరు అలా కాదు. వందల సైట్ల టోకెన్లు, పాత పేజీల కాపీలు, మనం ఎప్పుడో తగిలించిన ఎక్స్‌టెన్షన్లు... అన్నీ ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. ఎవరో ఒకరు ఎవరి వస్తువో ఒకటి తీయడమో, తొక్కడమో జరుగుతూనే ఉంటుంది.

ముందు రెండు చిన్న పరీక్షలు

బ్రౌజరు మీద నేరం మోపే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, ఫోనూ కంప్యూటరూ ఒకే దారిలో వెళుతున్నాయా? ఫోను సిమ్‌కార్డు డేటా మీద, కంప్యూటరు ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌ మీద ఉంటే రెండిటినీ పోల్చడమే కుదరదు. ఫోన్లో మొబైల్‌ డేటా ఆపి, కంప్యూటరు వాడుతున్న వైఫైకే కలిపి యాప్‌ తెరవండి. ఇప్పుడు యాప్‌ కూడా మొరాయిస్తే లోపం నెట్‌ లైనుది. లేదా తిరగేసి చూడొచ్చు: ఫోను హాట్‌స్పాట్‌ను కంప్యూటరుకు ఇచ్చి లాగిన్‌ చేయండి. ఆఫీసు కంప్యూటర్లయితే ఈ పరీక్ష తప్పనిసరి. అక్కడి నెట్‌వర్కులో కొన్ని సైట్లకు అడ్డుకట్టలు ఉండటం మామూలే.

రెండోది, యాప్‌ మిమ్మల్ని ఆఖరిసారి పాస్‌వర్డు ఎప్పుడు అడిగింది? కాస్త గుర్తు తెచ్చుకోండి. ఆర్నెల్ల కిందటేమో! రోజూ వేలిముద్రతోనో, నాలుగంకెల పిన్‌తోనో తెరుస్తున్నారంటే యాప్‌ పనిచేస్తోందన్న మాట నిజమే కానీ, మీకు పాస్‌వర్డు సరిగ్గా గుర్తుందనడానికి అది సాక్ష్యం కాదు. బ్యాంకుల సంగతైతే మరీనూ. చాలా బ్యాంకుల్లో యాప్‌ పిన్‌ వేరు, బ్రౌజర్లో కొట్టాల్సిన నెట్‌ బ్యాంకింగ్‌ పాస్‌వర్డు వేరు. ఒక తాళంచెవి పనిచేస్తోందని ఇంకో తాళాన్ని తిట్టి లాభం లేదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. లాగిన్‌ రెండుసార్లు విఫలమైతే అక్కడితో ఆగండి. తప్పు పాస్‌వర్డు వరసగా కొడుతూ పోతే చాలా సైట్లు ఖాతాకు కొంతసేపు తాళం వేస్తాయి. అప్పుడు అసలు రోగానికి కొత్త రోగం తోడై, ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

తెర ఏమంటోంది?

వైద్యుడు నాడి చూసినట్టు, తెర మీద వచ్చే మాటను జాగ్రత్తగా చదివితే సగం జబ్బు తెలిసిపోతుంది. పాస్‌వర్డు తప్పు అని స్పష్టంగా వస్తే కుకీల మీద పడనవసరం లేదు. టోకెను దాకా వ్యవహారం రానేలేదు. ఓటీపీ కూడా వచ్చి, అది కొట్టాక ఏ మాటా లేకుండా మళ్లీ లాగిన్‌ పేజీ వస్తే టోకెను నిలవడం లేదని అర్థం. బటన్‌ నొక్కినా అసలు కదలికే లేకపోతే పేజీలోని ప్రోగ్రాములను ఏదో ఆపుతోంది. ఎక్కువసార్లు అది ఎక్స్‌టెన్షన్‌ పనే.

`ERR_TOO_MANY_REDIRECTS` అని వచ్చిందనుకోండి, అది పాత టోకెను గోల. లోపలి పేజీ లాగిన్‌ పేజీకి పొమ్మంటుంది. లాగిన్‌ పేజీ పాత టోకెను చూసి ‘నువ్వు ఇప్పటికే లాగినయ్యావుగా’ అని లోపలికి పంపుతుంది. ఇద్దరి మధ్యా బంతిలా తిరిగి తిరిగి బ్రౌజరే విసిగి ఆపేస్తుంది. `Request Header Or Cookie Too Large` అని వస్తే ఆ సైటు టోకెన్లు పేరుకుపోయి మూట బరువెక్కిందన్నమాట. చాలా సర్వర్లు సుమారు 8 కిలోబైట్లకు మించిన మూటను తీసుకోవు. ఈ రెండిట్లో ఏది కనిపించినా తిన్నగా ఆ ఒక్క సైటు డేటా తుడిచేయడమే మందు. ఎలాగో కింద చూద్దాం.

`NET::ERR_CERT_DATE_INVALID` అనే మాట వస్తే ఒకసారి కంప్యూటరు గడియారం చూడండి. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీద ఉండే నాణెం బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళుతుంది. అప్పుడు సైటు భద్రతా పత్రం బ్రౌజరుకు చెల్లనిదిగా కనిపిస్తుంది. ఫోను నెట్‌వర్కు నుంచి టైము తెచ్చుకుంటుంది కాబట్టి యాప్‌కు ఈ బాధ ఉండదు. గడియారం సరిగ్గానే ఉన్నా ఆ మాట వస్తుంటే మాత్రం పాస్‌వర్డు కొట్టకుండా వెనక్కి వచ్చేయండి.

మంగళగిరి చీరలు... మధ్యాహ్నం గండం

ఇదంతా చేతల్లో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. మంగళగిరిలో చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒక గృహిణి. పొద్దున యాప్‌ తెరిస్తే పదకొండు ఆర్డర్లు. పార్సిళ్ల మీద అంటించే చీటీలు ప్రింటు తీయాలంటే కంప్యూటర్లోనే తెరవాలి. కొరియరు కుర్రాడు నాలుగింటికి వస్తాడు. ఆ వేళకు సిద్ధంగా లేకపోతే ఆర్డర్లు ఆలస్యమైనట్టు లెక్క. అమ్మకందారుగా ఆమె పేరుకు మచ్చ. తీరా క్రోమ్‌ తెరిచి వివరాలు కొడితే ఓటీపీ వచ్చింది, కొట్టగానే మళ్లీ లాగిన్‌ పేజీ! బెంగళూరులో ఉన్న మరిదికి ఫోను చేసింది.

‘‘పాస్‌వర్డు మార్చేయమంటావా?’’ అని అడిగితే, ‘‘వద్దు వదినా, ఓటీపీ వచ్చిందంటే పాస్‌వర్డు సరైనదే. ముందు కంట్రోల్‌, షిఫ్ట్‌ పట్టుకుని ఎన్‌ నొక్కు’’ అన్నాడతను. నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది. అదే ఇన్‌కాగ్నిటో. ఎడ్జ్‌లోనూ ఇవే మీటలు. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్‌ బదులు పి. ఈ కిటికీలో పాత కుకీలు ఉండవు. ఎక్స్‌టెన్షన్లు కూడా మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప రావు. ఇల్లంతా ఖాళీ చేసి చూసినట్టన్నమాట. అందులో లాగిన్‌ చేస్తే... తెరుచుకుంది!

ఇక్కడ మరిది చెప్పిన మాట గుర్తుంచుకోదగ్గది. ‘‘కారణం తర్వాత వెతుకుదాం. ముందు అందులోంచే పదకొండు చీటీలూ ప్రింటు తీసుకో వదినా.’’ గడువు ముంచుకొస్తున్నప్పుడు మరమ్మతు కంటే పని ముఖ్యం. దారి దొరికింది, పని కానిచ్చేయడమే.

సాయంత్రం తీరిగ్గా కూర్చున్నారు. ఇన్‌కాగ్నిటోలో తెరుచుకుందంటే దోషి ఇద్దరిలో ఒకరు: పాత కుకీలు, లేదా ఎక్స్‌టెన్షన్లు. ముందు ఎవరిని విచారించాలి? ఎక్స్‌టెన్షన్లను. ఎందుకంటే వాటిని ఆపి మళ్లీ పెట్టుకోవచ్చు. తుడిచేసిన డేటా మాత్రం తిరిగి రాదు. వెనక్కి తీసుకోగలిగిన పని ముందు, తీసుకోలేనిది తర్వాత.

అడ్రసు బార్‌లో `chrome://extensions` అని కొడితే జాబితా వచ్చింది. ఆరున్నాయి. కూపన్లు వెతికేది, పీడీఎఫ్‌ మార్చేది, స్క్రీను బొమ్మ తీసేది, వీడియోలు దించేది, ప్రకటనలు ఆపేది, అనువాదం చేసేది. ‘‘ఇవన్నీ నేనెప్పుడు వేశానయ్యా!’’ అని ఆమే ఆశ్చర్యపోయింది. పక్కనున్న మీట జరిపి ఆరింటినీ ఆపేశారు. తీసేయలేదు, ఆపారంతే. సైటు ట్యాబు మూసేసి మళ్లీ తెరిచారు. అప్పటికే తెరిచి ఉన్న పేజీలో ఎక్స్‌టెన్షన్‌ చేసిన మార్పులు అలాగే ఉండిపోతాయి కాబట్టి ఈ మూసి తెరవడం అవసరం. లాగిన్‌ అయింది. అంటే దోషి ఆ ఆరుగురిలోనే ఉన్నాడు.

ఒక్కొక్కటిగా పరీక్షిస్తే ఆరుసార్లు ఓటీపీలు. కొన్ని సైట్లు అన్నిసార్లు పంపవు కూడా. అందుకే సగం సగం చేశారు. లాగౌట్‌ అయి, మొదటి మూడూ పెట్టి లాగిన్‌ చేస్తే అయింది. ఆ మూడూ నిర్దోషులు. మళ్లీ లాగౌటై, నాలుగోది, ఐదోది కలిపి పెడితే... కాలేదు! ఐదోది ఆపి చూస్తే అయింది. దొరికాడు దొంగ: ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్‌. మూడే ప్రయత్నాల్లో తేలిపోయింది. ప్రతిసారీ లాగౌట్‌ కావడం మాత్రం మరవకూడదు. లేకపోతే ఇందాకటి టోకెనుతోనే లోపల తిరుగుతూ, లాగిన్‌ బాగుపడిందని పొరబడతాం.

నిన్నటిదాకా బాగానే ఉన్నది ఇవాళే ఎందుకు చెడింది? ఎక్స్‌టెన్షన్లు మనకు చెప్పకుండా వాటంతటవే అప్‌డేట్‌ అవుతుంటాయి. ప్రకటనలు ఆపేవాటి దగ్గర ఆపాల్సిన చిరునామాల జాబితా ఒకటి ఉంటుంది, అది తరచూ మారుతుంది. లాగిన్‌ సమయంలో ఆ అమ్మకాల సైటు వేరే చిరునామా నుంచి ఒక చిన్న ప్రోగ్రామును తెచ్చుకుంటుంది. కొత్త జాబితా ప్రకారం అది ప్రకటనలవాళ్ల చిరునామా. దాంతో ఎక్స్‌టెన్షన్‌ దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. టోకెను చేతికి అందలేదు.

మరి ఎక్స్‌టెన్షన్‌ తీసేయాలా? అక్కర్లేదు. దాని బొమ్మ మీద నొక్కితే ఈ ఒక్క సైటులో ఆగమని చెప్పే మీట ఉంటుంది. అది నొక్కారు, సరిపోయింది. కాకపోతే వదినగారు మిగతా జాబితా చూసి, ఎప్పుడూ వాడని మూడింటిని అప్పటికప్పుడే తీసేసింది. మంచి పనే చేసింది. చాలా ఎక్స్‌టెన్షన్లు మనం తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి పుచ్చుకుంటాయి మరి.

పాత టోకెన్లు తుడవాలంటే...

ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా లాగిన్‌ కాకపోతే అప్పుడు కుకీల వంతు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, బ్రౌజర్లో ఉన్న సమస్తాన్నీ తుడిచేయడం. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టు! ఒక్క సైటు కోసం మిగతా సైట్లన్నిట్లోంచీ బయటపడతాం. తీసేయాల్సింది ఆ ఒక్క సైటు సామానే.

క్రోమ్‌లో ఆ సైటు తెరిచి, అడ్రసుకు ఎడమ పక్కనున్న చిన్న బొమ్మ మీద నొక్కండి. ఒకప్పుడు అక్కడ తాళం బొమ్మ ఉండేది. 2023 నుంచి రెండు గీతల బొమ్మ వచ్చింది. అందులో `Cookies and site data`, దాని కింద `Manage on-device site data` కనిపిస్తాయి. సైటు పేరు పక్కనున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కితే సరి. ఫైర్‌ఫాక్స్‌లో తాళం బొమ్మ మీద నొక్కితే `Clear cookies and site data` అని ఉంటుంది. అయ్యాక ఆ సైటుకు చెందిన ట్యాబులన్నీ మూసి, కొత్తగా తెరిచి లాగిన్‌ చేయాలి.

ఇలా తుడిచినప్పుడు కుకీలతోపాటు ఆ సైటు మీ కంప్యూటర్లో దాచుకున్న మిగతా సరుకు కూడా పోతుంది. సగం నింపి వదిలేసిన దరఖాస్తు సర్వరుకు చేరకుండా బ్రౌజర్లోనే ఉంటే అదీ పోతుంది. ఇది నమ్మకమైన కంప్యూటరు అని సైటు వేసుకున్న గుర్తు కూడా చెరిగిపోయి మళ్లీ ఓటీపీ అడగొచ్చు. అందుకని తుడిచేముందే ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. అమెరికాలో ఉంటూ ఇక్కడి పాత నంబరును ఖాతాకు ఇచ్చినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ సిమ్‌ మూగబోతే ఓటీపీ రాదు, లోపలికి దారీ ఉండదు.

ఒక్క సైటు డేటా తుడిస్తే బ్రౌజరు దాచిన పాస్‌వర్డులు పోవు. అవి వేరే అరలో ఉంటాయి. మొత్తం తుడిచే పేజీకి వెళ్లి, పాస్‌వర్డులు అన్న గడిలో కూడా టిక్కు పెడితే మాత్రం పోతాయి. సింక్‌ పెట్టుకున్నవాళ్లకు ఇంకో ప్రమాదం: కంప్యూటర్లో తీసేసిన పాస్‌వర్డులు ఫోన్లోంచి కూడా మాయమవుతాయి. ఆ గడి జోలికి పోవద్దు.

పదేపదే జరుగుతుంటే?

లాగిన్‌ అవుతోంది కానీ, రోజూ పొద్దున మళ్లీ అడుగుతోంది అంటారా? క్రోమ్‌ సెట్టింగుల్లో కిటికీలన్నీ మూసేయగానే సైట్ల డేటా తుడిచేసే మీట ఒకటి ఉంటుంది. అది వేసి ఉందేమో చూడండి. కంప్యూటరును శుభ్రం చేస్తామనే ప్రోగ్రాములు కూడా రాత్రికి రాత్రి కుకీలను ఊడ్చేస్తుంటాయి. వాటి సెట్టింగుల్లో కుకీల గడిలో టిక్కు తీసేస్తే సమస్య తీరిపోతుంది.

ఒక సైటులో గూగుల్‌ ఖాతాతోనో, ఇంకో సంస్థ ఖాతాతోనో లాగిన్‌ అవుతున్నారా? అలాంటి చోట ఒక సైటు పేజీలో వేరే సైటు కుకీ అవసరం పడొచ్చు. వాటినే థర్డ్‌ పార్టీ కుకీలు అంటారు. ప్రకటనలవాళ్లు మన వెంటపడటానికి వాడుకుంటున్నారని బ్రౌజర్లు వీటికి కళ్లెం వేశాయి. సఫారీ 2020లో పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్‌ 2022 నుంచి ఒక్కో సైటు కుకీలను ఒక్కో డబ్బాలో వేరుచేస్తోంది. క్రోమ్‌ మామూలు కిటికీలో మన ఇష్టానికే వదిలేసినా, ఇన్‌కాగ్నిటోలో మాత్రం మామూలుగా ఆపే ఉంచుతుంది. అందుకే ఇన్‌కాగ్నిటో పరీక్షకు ఒక పరిమితి ఉంది. లాగిన్‌కు అలాంటి కుకీ అవసరమైతే ఆ కిటికీలో కూడా తెరుచుకోదు. అప్పుడు బ్రౌజర్లో పై మూలనున్న మీ బొమ్మ నొక్కి `Guest` తెరిచి చూడండి. అక్కడా ఎక్స్‌టెన్షన్లు, పాత కుకీలు ఉండవు. గెస్ట్‌లో అయి, ఇన్‌కాగ్నిటోలో కాకపోతే థర్డ్‌ పార్టీ కుకీలనే అనుమానించాలి. అలాగని అన్నిటికీ గేట్లు ఎత్తేయకండి. ఆ ఒక్క సైటు పేరునే సెట్టింగుల్లో మినహాయింపుగా చేర్చండి.

ఇంకొకటుంది, చాలామందికి తట్టనిది. బుక్‌మార్కు! లోపలికి వెళ్లే తొందరలో లాగిన్‌ పేజీనే బుక్‌మార్కు చేసుకుంటాం. ఆ చిరునామా చివర బారెడు అక్షరాలు ఉంటాయి. అందులో కొన్ని ఆ ఒక్క పూటకు, ఆ ఒక్క ప్రయత్నానికి మాత్రమే చెల్లేవి. నెల తర్వాత అదే బుక్‌మార్కు నొక్కితే నిన్నటి సినిమా టిక్కెట్టుతో ఇవాళ్టి ఆటకు వెళ్లినట్టే. సైటు మొదటి పేజీ చిరునామాను చేత్తో కొట్టి, అక్కడి నుంచి లాగిన్‌కు వెళ్లండి. అయితే పాత బుక్‌మార్కు తీసేసి, మొదటి పేజీని గుర్తు పెట్టుకోండి.

బ్రౌజరు జ్ఞాపకం... కొంప ముంచొచ్చు

పాస్‌వర్డు గడిలో నల్లచుక్కలు వాటంతటవే నిండిపోతాయి. అవి సరైనవేనని నమ్మేస్తాం. కానీ పాస్‌వర్డు ఫోన్లో మార్చి ఉంటే కంప్యూటరు బ్రౌజరుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. అది పాతదాన్నే నింపుతుంది. ఒకే కంప్యూటర్లో మీ ఖాతా, మీ అబ్బాయి ఖాతా రెండూ ఉంటే ఒకరి పేరు కింద ఇంకొకరి పాస్‌వర్డు దూరిపోవడమూ మామూలే. గడి పక్కన కన్ను బొమ్మ ఉంటే నొక్కి చూడండి. లేకపోతే రెండు గడులూ పూర్తిగా చెరిపి చేత్తో కొట్టండి. మెసేజిలోంచి కాపీ చేసి అతికించినప్పుడు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి చేరుతుంది. సైటుకు అది కూడా ఒక అక్షరమే! చేత్తో కొడితే లాగిన్‌ అయిందా, దోషి దొరికినట్టే. బ్రౌజరు పాస్‌వర్డుల జాబితాలోకి వెళ్లి ఆ సైటుకు ఉన్న పాతదాన్ని సరిచేయండి.

ఇవేవీ కాకపోతే?

ఇన్‌కాగ్నిటో, గెస్ట్‌, వేరే బ్రౌజరు, ఫోను హాట్‌స్పాట్‌... అన్నిట్లోనూ కాకపోతే ఇక మీ బ్రౌజరును వేధించి లాభం లేదు. యాప్‌లు, వెబ్‌సైట్లు ఒకే సంస్థవైనా చాలాచోట్ల వేర్వేరు సర్వర్ల మీద నడుస్తాయి. వెబ్‌ సర్వరు ఒక్కటే పడిపోయి ఉండొచ్చు. మీ ఖాతాకు వెబ్‌ ప్రవేశం మాత్రమే ఆపి ఉండొచ్చు. దాన్ని సంస్థే సరిచేయాలి. యాప్‌ లోపల ఉండే సహాయం విభాగంలోంచే రాయండి. అందుకే ఫోన్లో ఆ తలుపు తెరిచి ఉంచుకోమన్నది. ఏ బ్రౌజరు, ఏ టైముకు, తెర మీద వచ్చిన మాట ఏమిటి, ఇన్‌కాగ్నిటోలో ఏమైంది... ఈ నాలుగూ రాస్తే ‘కుకీలు తుడిచి చూడండి’ అనే మొదటి జవాబుతో ఒక రోజు వృథా కాదు.

గూగుల్‌లో ఆ సంస్థ పేరుతో కస్టమర్‌ కేర్‌ నంబరు వెతికి, కనిపించిన దానికి ఫోను చేయడం మాత్రం ప్రమాదం. లాగిన్‌ కాక కంగారులో ఉన్నవాళ్ల కోసమే మోసగాళ్లు అలాంటి నంబర్లు పెట్టి కూర్చుంటారు. తెర చూపించే యాప్‌ వేసుకోమని అడిగినా, ఓటీపీ చెప్పమన్నా ఫోను పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. అలాగే సాయం చేస్తామంటూ ఎవరైనా ఎఫ్‌12 నొక్కి కుకీల పేజీ ఫొటో పంపమంటే పంపొద్దు. పైన చూశాం కదా, ఆ నంబరు ఉంటే పాస్‌వర్డు లేకుండానే మీ ఖాతాలోకి దూరిపోవచ్చు. చెప్పుల స్టాండులో టోకెను ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవే!